పోయిందా, ఆలస్యమైందా? టీసీపీ తేల్చుకునే తీరు

రూటర్ చేసే పని చాలా సరళం. ఒక వైపు నుంచి వచ్చిన ప్యాకెట్ మీద చిరునామా చూస్తుంది, అది వెళ్ళాల్సిన దారిలోకి నెడుతుంది. వచ్చేవి ఎక్కువై, బయటికి వెళ్ళే దారి ఇరుకైతే కొన్నింటిని తన మెమరీలో వరుసగా నిలబెడుతుంది. ఆ వరుసలో కూడా చోటు లేకపోతే, కొత్తగా వచ్చిన ప్యాకెట్‌ను పారేస్తుంది. ఆ సంగతి పంపినవారికి చెప్పదు, అందుకోవాల్సినవారికీ చెప్పదు.

ఇది పొరపాటున జరిగేది కాదు. ఇంటర్నెట్‌ను కట్టినవాళ్ళు రూటర్‌కు తెలిసే ఆ స్వేచ్ఛ ఇచ్చారు. ప్యాకెట్లను ఊరి నుంచి ఊరికి మోసే ఈ పద్ధతికి ఐపీ అని పేరు. ఐపీ చేతనైనంత చేస్తుంది కానీ మాట ఇవ్వదు. దారిలో ప్యాకెట్ మాయం కావచ్చు. ముందు పంపినది వెనక, వెనక పంపినది ముందు చేరవచ్చు. ఒకే ప్యాకెట్ రెండుసార్లు రావచ్చు. లోపలి అక్షరాలు పాడైపోయి రావచ్చు. ఇన్ని జరిగే దారిలోనే బ్యాంకు స్టేట్‌మెంటు ఒక్క అంకె పోకుండా ఫోన్‌లో తెరుచుకుంటుంది. ఈ తేడాను పూడ్చేది టీసీపీ. అది దారిలో ఎక్కడా ఉండదు. రెండు కొసల్లో, అంటే ఫోన్‌లోని ఆపరేటింగ్ సిస్టమ్‌లోనూ అవతలి సర్వర్‌లోని ఆపరేటింగ్ సిస్టమ్‌లోనూ ఉంటుంది.

బాధ్యతను కొసలకు ఎందుకు తోశారన్నది అప్పటి అవసరం తెలిస్తే అర్థమవుతుంది. 1970ల మొదట్లో అమెరికా రక్షణశాఖ డబ్బుతో నడిచిన ఆర్పానెట్ తన లోపలి యంత్రాలతోనే ప్యాకెట్లను జాగ్రత్తగా చేర్చేది. కొసన ఉన్న కంప్యూటర్లు దాన్ని నమ్ముకుని ఉండేవి. రేడియో తరంగాల మీద నడిచే నెట్‌వర్క్‌ను, ఉపగ్రహం మీద నడిచే నెట్‌వర్క్‌ను దానితో కలపాలనుకున్నప్పుడు ఆ నమ్మకం పనికిరాలేదు. వాహనం సొరంగంలోకి వెళితే రేడియో మూగబోతుంది. ఒక్కో నెట్‌వర్క్‌ది ఒక్కో స్వభావం. అందుకని వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ 1974 మేలో ప్రచురించిన పరిశోధన పత్రంలో, మధ్యలోని నెట్‌వర్క్ ఏదైనా సరే, డేటా చేరిందా లేదా అన్న లెక్క రెండు కొసలే చూసుకోవాలని ప్రతిపాదించారు. ఆర్పానెట్ 1983 జనవరి 1న ఈ పద్ధతికి మారింది.

కొసల్లో కూర్చున్న టీసీపీకి దారి కనపడదు. ఏ రూటర్ ఎప్పుడు ఏం పారేసిందో తెలిసే వీలు లేదు. దానికి తెలిసేది ఒక్కటే, అవతలి నుంచి జవాబు వచ్చిందా, రాలేదా. అమ్మమ్మ చీకట్లో కథ చెబుతుంటే మనవడు ఊఁ కొడుతుంటాడు. ఊఁ వినిపిస్తే కథ ముందుకు సాగుతుంది. వినిపించకపోతే నిద్రపోయాడా, వినలేదా, అన్న ఊఁ తనకే వినపడలేదా అని అమ్మమ్మ ఊహించుకోవాలి. టీసీపీలో ఈ ఊఁ పేరు అక్నాలెడ్జ్‌మెంట్, పొట్టిగా యాక్. ఊఁ రానప్పుడు ఏమనుకోవాలన్నదే టీసీపీలో నిజంగా కష్టమైన భాగం.

ఒక ఉదాహరణతో చూద్దాం. వరంగల్‌లో ఒకరి ఫోన్, ముంబయిలోని ఒక సర్వర్ నుంచి 14,600 బైట్ల చిన్న పేజీ అడిగిందనుకుందాం. ప్యాకెట్ ఇక్కడి నుంచి అక్కడికి వెళ్ళి జవాబు తిరిగి రావడానికి 60 మిల్లీసెకన్లు పడుతుందనుకుందాం.

డేటా కదిలే ముందు రెండు కొసలూ పరిచయం చేసుకుంటాయి. ఫోన్ ఒక సంఖ్య చెబుతుంది, ‘నా బైట్లను ఇక్కడి నుంచి లెక్కపెడతాను’ అని. సర్వర్ ఆ సంఖ్య అందిందని చెప్పి, తన సంఖ్య చెబుతుంది. అది అందిందని ఫోన్ చెబుతుంది. ఈ మూడు ప్యాకెట్లతో సంబంధం కుదురుతుంది. లెక్క సున్నా నుంచి మొదలుపెట్టకుండా ప్రతిసారీ ఊహించలేని పెద్ద సంఖ్య నుంచి మొదలుపెడతారు. పాత సంబంధం తాలూకు ప్యాకెట్ ఎక్కడో తిరిగి తిరిగి ఆలస్యంగా వస్తే, అది కొత్తదానిలో కలిసిపోకూడదు కదా. బయటివాళ్ళు ఆ సంఖ్యను ఊహించి దొంగ ప్యాకెట్లు చొప్పించకూడదు కూడా. ఇక్కడ చదవడానికి తేలికగా ఉండాలని మొదటి బైటు సంఖ్య 1 అనుకుందాం.

మామూలు ఈథర్‌నెట్ ప్యాకెట్‌లో 1,500 బైట్లు పడతాయి. అందులో ఐపీ చిరునామాలూ వివరాలూ 20, టీసీపీ వివరాలు 20 తీసేస్తే అసలు సరుకుకు మిగిలేది 1,460. అందువల్ల మన పేజీ సరిగ్గా పది ముక్కలవుతుంది. ఒక్కో ముక్కను సెగ్మెంట్ అంటారు. టీసీపీ సెగ్మెంట్లకు ఒకటి, రెండు, మూడు అని నంబర్లు వేయదు. బైట్లను లెక్కపెడుతుంది. మొదటి సెగ్మెంట్ మీద 1 అని ఉంటుంది, రెండోదాని మీద 1461, మూడోదాని మీద 2921, నాలుగోదాని మీద 4381. ఇలా పదోదాని మీద 13141 ఉంటుంది. ఈ సంఖ్యలు ఉన్నాయి కనుక ముక్కలు తారుమారుగా వచ్చినా ఫోన్ సరైన చోట పేర్చుకోగలదు, రెండోసారి వచ్చిన ముక్కను గుర్తుపట్టి వదిలేయగలదు. నాలుగు ఇబ్బందుల్లో రెండు దీనితోనే తీరిపోయాయి.

యాక్ చెప్పేది కూడా బైటు సంఖ్యే. అయితే అది ‘ఇంతవరకు వచ్చింది’ అని చెప్పదు, ‘ఇక నాకు కావాల్సింది ఇది’ అని చెబుతుంది. మొదటి రెండు సెగ్మెంట్లు అందగానే ఫోన్ నుంచి వెళ్ళే యాక్‌లో 2921 ఉంటుంది. 2920 వరకు ఏ లోటూ లేకుండా అందాయని అందులోనే అర్థం. ఈ పద్ధతిలో ఒక గొప్ప సౌకర్యం ఉంది. ఒక యాక్ దారిలో పోయినా నష్టం లేదు. 2921 అన్న యాక్ పోయి, తర్వాతి 5841 అన్న యాక్ చేరితే, దాని కింద ఉన్నవన్నీ అందినట్టే. ముందటిది మళ్ళీ పంపక్కర్లేదు.

ఇప్పుడు మూడో సెగ్మెంట్‌ను మధ్యలో ఒక రూటర్ పారేసిందనుకుందాం. సర్వర్ పది సెగ్మెంట్లూ ఒకేసారి పంపేసింది, దానికి ఏమీ తెలియదు. ఫోన్‌కు మొదటిది, రెండోది అందాయి. 2921 కావాలని చెప్పింది. తర్వాత వచ్చింది నాలుగోది. ఫోన్ దాన్ని పక్కన దాచుకుంది కానీ, ఇంకా 2921 దగ్గరే ఖాళీ ఉంది కనుక మళ్ళీ 2921 అనే అంది. అయిదోది వచ్చింది, మళ్ళీ 2921. ఆరోది వచ్చింది, మళ్ళీ అదే.

సర్వర్ వైపు నుంచి చూస్తే ఒకే మాట పదేపదే వినిపిస్తోంది. ఒకసారి ఎక్కువగా వినిపిస్తే సర్వర్ తొందరపడదు. మూడోది వేరే దారిన వస్తూ నాలుగోదాని వెనక పడి ఉండవచ్చు. రెండోసారి వినిపించినా ఓపిక పడుతుంది. మూడోసారి కూడా అదే సంఖ్య తిరిగి వస్తే ఇక ఆ సెగ్మెంట్ పోయినట్టే లెక్కగట్టి, 2921తో మొదలయ్యే ముక్కను మళ్ళీ పంపుతుంది. మూడు అన్నది సిద్ధాంతం నుంచి పుట్టిన సంఖ్య కాదు. తొందరపాటుకూ ఆలస్యానికీ మధ్య కుదుర్చుకున్న రాజీ.

ఈ జవాబులు సర్వర్‌కు చేరేసరికి మొదట పంపి 60 మిల్లీసెకన్లు అయింది. తిరిగి పంపిన ముక్క ఫోన్‌కు చేరడానికి ఇంకో 30. ఈలోగా ఏడు నుంచి పది వరకూ వచ్చి ఫోన్‌లో ఎదురుచూస్తున్నాయి. ఖాళీ పూడగానే ఫోన్ పంపే యాక్ 2921 నుంచి ఒక్కసారిగా 14601కి దూకుతుంది. మొత్తం మీద జరిగిన ఆలస్యం 60 మిల్లీసెకన్లు, రెప్పపాటు కన్నా తక్కువ. వాడేవాళ్ళకు ఏదో జరిగిందని కూడా తెలియదు.

కానీ ఒక విషయం గమనించాలి. పది ముక్కల్లో తొమ్మిది ఫోన్‌లో ఉన్నా, ఆ 60 మిల్లీసెకన్లపాటు బ్రౌజర్‌కు రెండే అందాయి. వరుస తప్పించి ఇవ్వనని టీసీపీ మాట ఇచ్చింది కనుక, ఒక ముక్క కోసం ఏడు ముక్కలు ఆగాయి. వీడియో కాల్‌లో ఇలా ఆగితే మాట తెగిపోతుంది. అందుకే మాటలు, దృశ్యాలు అప్పటికప్పుడు పంపే సాఫ్ట్‌వేర్లు చాలావరకు టీసీపీని వదిలి, పోయినది పోనిచ్చే యూడీపీని వాడతాయి.

మూడోది కాకుండా పదోది పోయి ఉంటే కథ మారేది. దాని వెనక ఇంకేమీ రావు కనుక పదేపదే అడిగే యాక్‌లు పుట్టవు. ఫోన్‌కు తొమ్మిది అందాయి, పదోది ఉందని కూడా దానికి తెలియదు. 13141 కావాలని చెప్పి ఊరుకుంటుంది. సర్వర్ దగ్గర మిగిలింది నిశ్శబ్దం. ఇక గడియారమే దిక్కు.

ఎంతసేపు ఆగాలి? తక్కువసేపు ఆగితే, దారిలో నెమ్మదిగా వస్తున్న ప్యాకెట్‌ను పోయిందనుకుని ఉత్తపుణ్యాన మళ్ళీ పంపినట్టవుతుంది. ఎక్కువసేపు ఆగితే అవతలివాళ్ళు తెల్ల తెర చూస్తూ కూర్చోవాలి. ఒకే గదిలోని రెండు కంప్యూటర్ల మధ్య జవాబు మిల్లీసెకనులోపే వస్తుంది. హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్ళి రావడానికి 200 మిల్లీసెకన్లు దాటుతుంది. రెండింటికీ ఒకే గడువు పెట్టడం కుదరదు. కనుక టీసీపీ ప్రతి సంబంధంలోనూ జవాబు వచ్చే కాలాన్ని తానే కొలుస్తూ సగటు లెక్కిస్తుంది. కొత్త కొలత రాగానే సగటును దాని వైపు ఎనిమిదో వంతు జరుపుతుంది. మొదట్లో వచ్చిన పద్ధతి ఈ సగటును రెట్టింపు చేసి గడువుగా పెట్టుకునేది. చూడటానికి సబబుగానే ఉంది. అది ఎంత ప్రమాదమో 1986లో తెలిసింది.

ఆ ఏడాది అక్టోబరులో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ, బర్క్‌లీ విశ్వవిద్యాలయానికీ మధ్య డేటా వేగం సెకనుకు 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. రెండింటి మధ్య దూరం నాలుగు వందల గజాలు. తీగలు తెగలేదు, యంత్రాలు పాడవలేదు. ప్రయోగశాలలో పనిచేసే వాన్ జేకబ్సన్, విశ్వవిద్యాలయంలోని మైక్ కారెల్స్ కలిసి కారణం వెతికారు. దారిలో రద్దీ పెరిగినప్పుడు ప్యాకెట్లు రూటర్ల వరుసల్లో ఆగుతాయి, జవాబులు ఆలస్యమవుతాయి. పైగా ఆ ఆలస్యం ఒకే తీరుగా ఉండదు, ఒకటి త్వరగా, ఒకటి మరీ నెమ్మదిగా వస్తుంది. సగటుకు రెట్టింపు గడువు దాటిపోయేది. పంపేవాళ్ళు పోయాయనుకుని మళ్ళీ పంపేవాళ్ళు. అసలువి వరుసలో నిలబడే ఉండేవి, వాటి వెనక నకళ్ళు చేరేవి. వరుసలు ఇంకా పొడవయ్యేవి, ఇంకా ఎక్కువ గడువులు దాటేవి. నమ్మకంగా చేర్చాలన్న తపనే దారిని మూసేసింది.

1988లో ప్రచురించిన పత్రంలో జేకబ్సన్ రెండు మందులు ఇచ్చాడు. ఒకటి గడువు లెక్క. సగటుతో పాటు, కొలతలు సగటుకు ఎంత దూరంగా పడుతున్నాయో కూడా గుర్తుపెట్టుకోవాలి. సగటుకు ఆ హెచ్చుతగ్గుకు నాలుగు రెట్లు కలిపితే గడువు వస్తుంది. మన వరంగల్ ఫోన్ విషయంలో సగటు 60, హెచ్చుతగ్గు 10 అయితే గడువు 100 మిల్లీసెకన్లు. దారి కుదురుగా లేక హెచ్చుతగ్గు 50కి పెరిగితే గడువు 260 అవుతుంది. దారి ఎంత చంచలంగా ఉంటే పంపేవారు అంత ఓపిక పట్టాలన్నమాట. ఆ ఓపిక కూడా సరిపోక గడువు దాటితే, మళ్ళీ పంపి ఈసారి రెట్టింపు సేపు ఆగాలి. అదీ దాటితే దానికి రెట్టింపు.

రెండో మందు పంపే మోతాదుకు సంబంధించినది. ప్యాకెట్ పోవడానికి చాలాసార్లు కారణం రూటర్‌లో చోటు లేకపోవడమే. కాబట్టి ఒక ముక్క పోయిందని తేలగానే, దాన్ని మళ్ళీ పంపడంతో సరిపెట్టకూడదు, తర్వాతి పంపకాలను కూడా తగ్గించుకోవాలి. యాక్ రాకుండా ఒకేసారి నలభై సెగ్మెంట్లు దారిలో ఉంచుతున్న సర్వర్, నష్టం కనిపించగానే ఇరవైకి దిగాలి. ఆ తర్వాత జవాబులు సజావుగా వస్తుంటే ఒక్కో రాకపోకకు ఒక్కో సెగ్మెంట్ చొప్పున పెంచుకుంటూ పోవాలి. ఈనాటి సర్వర్లు పెంచే తీరు, తగ్గించే తీరు కొంత మారాయి కానీ ఆలోచన అదే. జేకబ్సన్ పని లేకపోతే టీసీపీ చిన్న నెట్‌వర్క్‌లకే పరిమితమై ఉండేదని గట్టిగా చెప్పవచ్చు.

గడువు లెక్కలో ఇంకో చిక్కుముడి ఉంది. పదో సెగ్మెంట్‌ను సర్వర్ రెండుసార్లు పంపింది, ఒక యాక్ వచ్చింది. ఆ యాక్ మొదటిదానికా, రెండోదానికా? రెండింటి మీదా ఉన్న సంఖ్య ఒకటే కనుక తేడా తెలియదు. తప్పుగా లెక్కిస్తే సగటే పాడవుతుంది. అమెచ్యూర్ రేడియో మీద టీసీపీ నడిపిస్తూ ఈ ఇబ్బందిని బాగా ఎరిగిన ఫిల్ కార్న్, క్రెయిగ్ పార్ట్రిడ్జ్‌తో కలిసి 1987లో తేలికైన పరిష్కారం చెప్పాడు. రెండుసార్లు పంపిన సెగ్మెంట్‌కు వచ్చిన జవాబుతో అసలు కాలం కొలవద్దు. సందేహం లేని కొలత దొరికేదాకా రెట్టింపు చేసిన గడువునే ఉంచాలి.

ఇదంతా కళ్ళతో చూడాలంటే లినక్స్ కంప్యూటర్‌లో ఏదైనా పెద్ద ఫైలు దిగుతుండగా ఈ కమాండ్ ఇస్తే చాలు.

```
ss -ti
```

ఒక్కో సంబంధం కింద `rtt:60.2/9.8`, `rto:260` వంటివి కనిపిస్తాయి. మొదటిది సగటూ హెచ్చుతగ్గూ, రెండోది గడువు, అన్నీ మిల్లీసెకన్లలో. లెక్క ప్రకారం గడువు వంద దగ్గర రావాలి కదా అనిపించవచ్చు. లినక్స్ హెచ్చుతగ్గుల వాటాను 200 మిల్లీసెకన్లకన్నా తగ్గనివ్వదు, అందుకే 260. కంప్యూటర్ నుంచి డేటా బయటికి వెళుతున్నప్పుడు `retrans:0/3` అని కనిపిస్తే ఇప్పటిదాకా మూడు సెగ్మెంట్లు మళ్ళీ పంపాల్సివచ్చిందని అర్థం. ఈ రెండో అంకె చకచకా పెరుగుతుంటే, ఫైలు చివరికి పూర్తిగా చేరుతుంది కానీ దారిలో నష్టం ఉన్నట్టే. ఇంట్లో ‘నెట్ ఉంది, కానీ నెమ్మది’ అన్న ఫిర్యాదుకు ఇదీ ఒక కారణం. నష్టం ప్యాకెట్ల రూపంలో కనిపించదు, కాలం రూపంలో కనిపిస్తుంది.

ఇక నాలుగో ఇబ్బంది, అక్షరాలు పాడవడం. ప్రతి సెగ్మెంట్‌లో 16 బిట్ల చెక్‌సమ్ ఉంటుంది. పంపేవారు డేటాను రెండేసి బైట్ల సంఖ్యలుగా తీసుకుని కూడి, దాని నుంచి వచ్చిన విలువను సెగ్మెంట్‌తో పంపుతారు. అందుకున్నవారు మళ్ళీ కూడి చూస్తారు. తేడా వస్తే సెగ్మెంట్‌ను పారేస్తారు, అది పోయినదాని కింద లెక్కే, మళ్ళీ వస్తుంది. ఇది టీసీపీలో బలహీనమైన భాగమని ఒప్పుకోవాలి. కూడికే కనుక రెండు సంఖ్యలు చోటు మార్చుకున్నా మొత్తం మారదు, తప్పు బయటపడదు. జోనథన్ స్టోన్, పార్ట్రిడ్జ్ 2000లో నిజమైన ప్యాకెట్లను పరిశీలించి, కోటీ అరవై లక్షల నుంచి వెయ్యి కోట్ల ప్యాకెట్లలో ఒకటి తప్పుతోనే దాటిపోవచ్చని అంచనా వేశారు. పెద్ద సాఫ్ట్‌వేర్ ఫైళ్ళ పక్కన SHA-256 విలువ ఇచ్చి, దిగాక సరిచూసుకోమనడానికి ఇది ఒక కారణం. హెచ్‌టీటీపీఎస్ వాడినప్పుడు ఈ తనిఖీ ఇంకా గట్టిగా, దానంతట అదే జరుగుతుంది.

టీసీపీ ఇచ్చే మాటకు ఇంకో హద్దు ఉంది. దారి పూర్తిగా తెగిపోతే అది డేటాను ఎలాగూ చేర్చలేదు. లినక్స్ మామూలు అమరికలో పదిహేనుసార్లు మళ్ళీ పంపి, గడువు పెంచుకుంటూ దాదాపు పావుగంట ప్రయత్నించి, ఆ తర్వాత ప్రోగ్రామ్‌కు ఇక కుదరదని చెబుతుంది. అప్పుడు కూడా చివరగా పంపిన ముక్క అవతల చేరిందో లేదో పంపినవారికి తెలియదు. చేరి, దాని యాక్ మాత్రమే పోయి ఉండవచ్చు. యాక్ వచ్చినా, డేటా అవతలి కంప్యూటర్‌లోని ఆపరేటింగ్ సిస్టమ్‌కు అందిందనే దాని అర్థం. అక్కడి ప్రోగ్రామ్ దాన్ని చదివిందని, పని పూర్తిచేసిందని కాదు.

ఫోన్‌లో డబ్బు పంపుతుండగా సిగ్నల్ పోయిన సందర్భం సరిగ్గా ఇలాంటిదే. ఆదేశం సర్వర్‌కు చేరి డబ్బు కదిలి, జవాబు మాత్రం దారిలో పోయి ఉండవచ్చు. ఆదేశమే చేరకపోయి ఉండవచ్చు. ఫోన్‌లోని టీసీపీకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. దీన్ని తేల్చాల్సింది పైనున్న ప్రోగ్రామ్. అందుకే చెల్లింపుల సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళు ప్రతి ఆదేశానికీ మొదటే ఒక లావాదేవీ సంఖ్య కేటాయిస్తారు. సంబంధం మళ్ళీ కుదిరాక అదే సంఖ్యతో ‘ఇది ఏమైంది’ అని అడుగుతారు. అదే ఆదేశం రెండోసారి చేరినా, సంఖ్య పాతదేనని చూసి సర్వర్ డబ్బును రెండోసారి కదపకుండా మొదటి ఫలితాన్నే తిరిగి చెబుతుంది.